యాప్ పొరబడినా వాడ దాటదు



ఫోటో అప్‌లోడ్ చేస్తాం. ముఖం చుట్టూ ఒక చతురస్రం పడుతుంది. కింద ఒక పేరు వచ్చి, ఇతనేనా అని అడుగుతుంది. మనం వేలితో అవునని నొక్కేస్తాం. అంతా కలిపి ఒక్క సెకను పని. ఈ వారం రాయాలనుకున్నది ఆ ఒక్క సెకను గురించే.

మా పిల్లలు "సార్, యాప్ గుర్తుపట్టేసింది" అంటుంటారు. యాప్ ఎవర్నీ గుర్తుపట్టదు. అది పోలిక లెక్క కట్టి ఒక పేరు మన ముందు పెడుతుంది. గుర్తుపట్టాననే మాట మన వేలు అంటుంది. యాప్ పొరబడుతుందని అందరూ ఒప్పుకుంటారు, నవ్వుకుంటారు, తాతకి మనవడి పేరు పెట్టిందని స్టేటస్‌లో పెట్టుకుంటారు. నా తకరారు ఆ నవ్వు దగ్గరే. ఈ పొరపాటు గాలికి పోయే గడ్డిపోచలా ఎక్కడపడితే అక్కడ పడదు. ఎవరి మీద పడాలో దానికి ముందే దారి వేసి ఉంది. ఆ దారి మన ఊళ్ళలో ఎట్లా ఉంటుందో తెలియాలంటే ముందు లోపల జరిగే పని చూడాలి.

దీన్ని లోకమంతా అలవాటు చేసింది ఫేస్‌బుక్. 2010 డిసెంబరులో అమెరికాలో ప్రకటించి, 2011 జూన్ నాటికి చాలా దేశాలకు తెచ్చింది. ఎవరినీ అడగకుండానే సెట్టింగ్ ఆన్‌లో పెట్టి ఇచ్చింది. నీ ప్రొఫైల్ ఫోటో, నిన్ను ఎవరైనా ట్యాగ్ చేసిన ఫోటోలు, ఈ రెంటిలోంచీ నీ ముఖానికి ఒక నమూనా తయారు చేసుకునేది. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు టెంప్లేట్. నీ మిత్రుడెవరైనా కొత్త ఫోటో పెడితే, అందులో ముఖాలను ఆ మిత్రుడి ఫ్రెండ్స్ లిస్టులో ఉన్నవాళ్ళ టెంప్లేట్లతో పోల్చి పేరు సూచించేది.

పోల్చడం ఎట్లా? మొదట ఫోటోలో ముఖం ఎక్కడుందో వెతికి చతురస్రం గీస్తుంది. ఇది తేలిక పని, ఇందులో పేరు లేదు. తర్వాత కళ్ళు, ముక్కు, నోరు ఉన్న చోట్లను పట్టుకుని, వంగిన ముఖాన్ని నిటారుగా తిప్పి, ఒకే కొలతకు కత్తిరిస్తుంది. ఫేస్‌బుక్ పరిశోధకులు 2014లో ప్రకటించిన డీప్‌ఫేస్‌లో ఆ కొలత నిలువూ అడ్డమూ 152 పిక్సెళ్ళు. ఆ ముక్కను ఒక నెట్‌వర్క్‌లోకి పంపితే అవతల అంకెల వరుస వస్తుంది. గూగుల్ వాళ్ళు 2015లో చెప్పిన ఫేస్‌నెట్‌లో ఆ వరుస 128 అంకెలు. ఒకే మనిషి రెండు ఫోటోలకు వచ్చే వరుసలు దగ్గరగా, వేరు మనుషులవి దూరంగా ఉండేటట్టు లక్షల ఫోటోలతో దాన్ని తర్ఫీదు చేస్తారు. ఇక మిగిలింది దూరం కొలవడమే. ఒక గీత గీసుకుంటారు. దూరం ఆ గీతకు లోపల ఉంటే పేరు సూచిస్తారు, బయట ఉంటే మాట్లాడరు.

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు నేను ఉదాహరణకి పెట్టినవి. గీత 1.1 అనుకోండి. ర్యాలీ ఫోటోలో ఒక ముఖం ఉంది. నీ ఫ్రెండ్స్ లిస్టులో దానికి బాగా దగ్గరగా ఉన్న ముగ్గురి దూరాలు 0.95, 1.2, 1.4. మొదటివాడు గీతకు లోపల ఉన్నాడు కాబట్టి వాడి పేరు వస్తుంది. అసలు ఆ ఫోటోలో ఉన్నది వాడి అన్న. అన్న ముఖం కూడా సిస్టమ్‌లో ఉంటే దూరం 0.6 వచ్చి, అన్న పేరే పైకి వచ్చేది. కానీ అన్నకు అకౌంట్ లేదు. లేని మనిషి పేరు యాప్ చెప్పలేదు కదా. "నా దగ్గరున్న వాళ్ళలో ఎవరూ కాదు" అని చెప్పగలగడం దానికి అన్నిటికన్నా కష్టమైన పని, ఎందుకంటే ఆ మాట చెప్పించేది ఆ గీత ఒక్కటే. గీతను బిగిస్తే సరైన పేర్లు కూడా రావు, వాడేవాళ్ళు విసుక్కుంటారు. వదులు చేస్తే అన్న ముఖానికి తమ్ముడి పేరు పడుతుంది. ఎంత వదలాలనేది కంపెనీ తేల్చుకునే సంగతి. మనకు చెప్పరు.

ఇక్కడ కొంచెం ఆగి మా తీరం వాడల వైపు చూడండి. కావలి నుంచి కృష్ణపట్నం దాకా ఏ వాడలోనైనా ఇంటికి ఎన్ని స్మార్ట్‌ఫోన్లు, ఎవరి పేరు మీద ఉన్నాయి? చదువుకునే పిల్లాడిది ఒకటి, పనికి పోయే తండ్రిది ఒకటి. అమ్మకు అకౌంట్ ఉండదు, నాయనమ్మకు అసలే ఉండదు, రొయ్యల చెరువు మీద కాపలా ఉండే అన్నకు బటన్ ఫోన్. కానీ ఊరేగింపులో అందరూ ఉంటారు, ఫోటోలో అందరూ పడతారు. అకౌంట్ లేని ముఖాలన్నీ ఏ పేరుకు దగ్గరగా ఉంటాయి? అకౌంట్ ఉన్న సొంత రక్తానికి. చదువుకుంటున్న ఆ ఒక్క పిల్లాడు ఇంటిల్లిపాది ముఖాలకూ పేరవుతాడు.

సాధారణంగా ఈ సిస్టమ్‌ల గురించి చెప్పేటప్పుడు ఒక పెద్ద అంకె ముందు పెడతారు. డీప్‌ఫేస్ 97.35 శాతం సరిగ్గా చెప్పిందని, మనిషి కన్నుతో దాదాపు సమానమని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. ఆ అంకె దేని మీద వచ్చింది? ఎల్‌ఎఫ్‌డబ్ల్యూ అనే ఫోటోల పెట్టె మీద. ఇంటర్నెట్‌లో వార్తల్లో వచ్చిన ప్రసిద్ధుల ముఖాలు అవి. అందులో ఎక్కువమంది మగవాళ్ళు, ఎక్కువమంది తెల్లవాళ్ళు. పైగా ఆ పరీక్ష అడిగేది "ఈ రెండు ఫోటోలు ఒకరివేనా కాదా" అని, జంట జంటగా. మన ఆల్బమ్‌లో జరిగే పని అది కాదు. అక్కడ ఒక ముఖాన్ని లిస్టులో ప్రతివాడితో పోల్చాలి.

తేడా ఎంతుంటుందో చూడండి. సంబంధం లేని ఇద్దరు మనుషుల్ని ఒకరే అని పొరబడే అవకాశం పదివేలలో ఒకటి అనుకుందాం. వినడానికి చాలా గొప్పగా ఉంది. ఫ్రెండ్స్ లిస్టులో 300 మంది ఉంటే, లిస్టులో లేని ఒక కొత్త ముఖం వాళ్ళలో ఎవరో ఒకరితో పొరపాటున కలిసిపోయే అవకాశం సుమారు 3 శాతం. ర్యాలీ ఆల్బమ్‌లో అలాంటి కొత్త ముఖాలు 500 పడితే దాదాపు 15 తప్పుడు పేర్లు. పదివేలలో ఒకటి అన్నది ఒక్క సాయంత్రంలో పదిహేను అయింది. ఇది కూడా ఆ 300 మందీ ఒకరికొకరు ఏమీ కానివాళ్ళు అనుకుంటేనే.

వాళ్ళు ఒకరికొకరు ఏమీ కానివాళ్ళా?

అంబేద్కర్ 1916లో కొలంబియాలో చదివిన వ్యాసంలో కులానికి కీలకం కులం లోపలి పెళ్ళి అని తేల్చాడు. దాన్ని మనం పెళ్ళిళ్ళ గురించి, పరువు హత్యల గురించి మాట్లాడేటప్పుడే గుర్తు చేసుకుంటాం. ముఖాల గురించి కూడా అది చెప్తుంది. వందల ఏళ్ళు కులం లోపలే, చుట్టుపక్కల పది ఊళ్ళలోపలే, ఇంకా మనవైపు మేనరికాలు, అక్క కూతుర్నే చేసుకోవడాలు. అన్నదమ్ముల మధ్యే కాదు, మేనమామకూ మేనల్లుడికీ, మేనత్త కొడుక్కీ మేనమామ కొడుక్కీ ఒకే గడ్డం, ఒకే కనుబొమ్మ ఉండటం మనం రోజూ చూసేదే. ఇది మాల మాదిగలకే కాదు, ఏ కులానికైనా అంతే. రెడ్ల ఆల్బమ్‌లోనూ యాప్ తికమక పడుతుంది. కానీ రెడ్ల ఆల్బమ్ పెళ్ళి ఆల్బమ్. పొరపాటున పేరు పడితే బావమరిది ఏడిపిస్తాడు, అంతటితో సరి.

ఫ్రెండ్స్ లిస్టు కూడా ఊరిలాగే ఉంటుంది. మా కాలేజీ పిల్లల్లో చాలామంది లిస్టు తెరిస్తే సగం పైగా సొంత వాడ, మేనమామ ఊరి వాడ, హాస్టల్. అంటే యాప్ పోల్చే గుంపే కులం గీసిన గుంపు. కాబట్టి అది పొరబడినా వాడలోని ఒక ముఖం నుంచి వాడలోని ఇంకో ముఖానికే పొరబడుతుంది. దళితుల ధర్నా ఫోటోలో ఉన్న మనిషి పేరు తప్పితే, తప్పుగా పడే పేరు కూడా దళితుడిదే అవుతుంది. రోడ్డు అవతల వాళ్ళ పిల్లాడికి ఆ పేరు ఎప్పుడూ పోదు. ఈ తప్పుకు దారి వేసి ఉందని నేను అన్నది ఇదీ.

దీని మీద రంగు భారం ఇంకోటి. జాయ్ బులమ్‌విని, టిమ్నిట్ గెబ్రు 2018లో కంపెనీలు అమ్ముతున్న ముఖ విశ్లేషణ సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. ఆడా మగా అని చెప్పమంటే, తెల్ల చర్మం మగవాళ్ళ విషయంలో తప్పు ఒక శాతం లోపు. నల్ల చర్మం ఆడవాళ్ళ విషయంలో ఒక సాఫ్ట్‌వేర్ తప్పు 34.7 శాతం. అది పేరు చెప్పే పని కాదు, ఇంకా తేలికైన పని. పేరు పోల్చే పని మీద అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ 2019 డిసెంబరులో నివేదిక ఇచ్చింది. వేరు మనుషుల్ని ఒకరే అనడం ఆఫ్రికా, తూర్పు ఆసియా ముఖాల విషయంలో చాలా ఎక్కువని, చాలా సాఫ్ట్‌వేర్లలో ఆ తేడా పది నుంచి వంద రెట్ల దాకా ఉందని తేలింది. అదే ప్రాంతం, అదే వయసు, అదే ఆడ మగ అయితే తికమక ఇంకా పెరుగుతుంది. ఒక వాడ కుర్రాళ్ళ గుంపు అంటే సరిగ్గా అదే కదా. ఒకే ప్రాంతం, ఒకే వయసు, మగపిల్లలు, ఎండలో పనిచేసిన రంగు.

ఇప్పుడు జరిగిన సంగతి ఒకటి. యాప్ పేరు, ఊరు పేరు, స్టేషన్ పేరు చెప్పను. ఆ పిల్లాడు ఇంకా ఉద్యోగాలకు దరఖాస్తు చేసుకుంటున్నాడు.

తీరం మండలంలో ఒక ఊరు. ఏప్రిల్ 14 ఊరేగింపు. జెండా దిమ్మె దగ్గర ఊరివాళ్ళు అడ్డం వచ్చారు, మాటామాటా పెరిగింది, ఒక మోటారు సైకిల్ పడిపోయింది. ఊరేగింపు ఫోటోలు రెండు వందల చిల్లర ఒక కుర్రాడు సాయంత్రం ఆల్బమ్‌గా పెట్టాడు. యాప్ వరసగా పేర్లు చూపిస్తుంటే అవును, అవును అని నొక్కుకుంటూ పోయాడు. అందులో మోటారు సైకిల్ పక్కన చెయ్యెత్తి నిలబడిన ముఖానికి మా విద్యార్థి పేరు పడింది. అక్కడున్నది వాడి మేనత్త కొడుకు. అతనికి అకౌంట్ లేదు.

ఎందుకు పడిందో నేనూ ఆ పిల్లాడూ కూర్చుని చూశాం. ఫోటో సాయంత్రం నాలుగున్నరకి, ఎండకి ఎదురుగా తీసింది. ముఖం సగం నీడ. గుంపులో ఆ ముఖం వెడల్పు నలభై పిక్సెళ్ళు ఉంటుందేమో. దాన్ని యాప్ తన కొలతకు సాగదీస్తుంది. సాగదీస్తే పిక్సెళ్ళు పెరుగుతాయి కానీ, లేని మచ్చ, లేని చెవి ఆకారం కొత్తగా రావు. దూరపు ముఖాలన్నీ ఆ మసకలో ఒకదానికొకటి దగ్గరవుతాయి. రెండోది ఇంకా ముఖ్యం. మా వాడి అకౌంట్‌లో వాణ్ణి ట్యాగ్ చేసిన ఫోటోలు చాలా తక్కువ. వాటిలో ఒకటి అంతకు ముందు సంక్రాంతిది, అందులో ఉన్నది కూడా ఆ మేనత్త కొడుకే. ఎవరో సరదాకి తప్పుగా ట్యాగ్ చేస్తే వీడు తీసేయలేదు. ట్యాగ్ చేసిన ఫోటోలతోనే నమూనా తయారవుతుంది కాబట్టి, వీడి నమూనాలో మేనత్త కొడుకు ముఖం అప్పటికే కలిసిపోయి ఉండాలి. పాత తప్పు కొత్త తప్పుకు సాక్ష్యం చెప్పిందన్నమాట.

తర్వాత జరిగింది మీరు ఊహించగలరు. ఊరివాళ్ళలో ఒకడు స్క్రీన్‌షాట్ తీసి ఫిర్యాదుకు జత చేశాడు. ఆ కాగితం మీద ముఖం, ముఖం మీద పేరు. పేరు పక్కన "0.95 దూరం, గీత 1.1" అని ఉండదు. యాప్ సూచించిందా, ఎవరైనా చూసి రాశారా అన్నది కూడా ఉండదు. యాప్ లోపల ఉన్నంతసేపు అది అనుమానం. వేలు నొక్కాక పేరు. స్క్రీన్‌షాట్ అయ్యాక సాక్ష్యం. ఒక్కో మెట్టు దగ్గరా అనుమానం తాలూకు భాగం ఊడిపోతూ వచ్చింది. స్టేషన్‌లో వాడు "అది నేను కాదు సార్" అంటే, "మీవాళ్ళే పేరు పెట్టారు కదరా" అన్నారు. నిజమే, మనవాళ్ళే పెట్టారు.

ఆ సాయంత్రం వాడు యాభై కిలోమీటర్ల దూరంలో ఒక గోడౌన్‌లో తాత్కాలిక కూలి షిఫ్ట్‌లో ఉన్నాడు. గేటు దగ్గర వేలిముద్ర హాజరు ఉంది కాబట్టి బయటపడ్డాడు. ఆ రికార్డు తెచ్చి ఇవ్వడానికి పదకొండు రోజులు పట్టింది. కూలిపనికి హాజరు లేకుండా ఇంట్లో పడుకుని ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను. పేరు తొలగింది కానీ మేనత్త ఇంటికీ వీళ్ళింటికీ మాటలు లేవు. తను కాదని చెప్పాలంటే ఎవరో చెప్పమన్నారు మరి.

ముఖం ఒక్కటే చూస్తుందనుకునేవాళ్ళకు ఇంకో మాట. ఆపిల్ వాళ్ళు తమ ఫోటోల యాప్ ఎట్లా మనుషుల్ని గుంపులు చేస్తుందో 2021లో వివరంగా రాశారు. ముఖంతో పాటు భుజాల దగ్గరి పై ఒంటిని కూడా లెక్కలోకి తీసుకుంటుంది, ఒకే సందర్భంలో తీసిన ఫోటోల మధ్య మాత్రమే. మనిషి ఆ పూటకి బట్టలు మార్చడు కదా అని. కుటుంబం పార్కుకు పోయిన ఫోటోలకు అది తెలివైన పనే. అందరూ తెల్ల చొక్కా, మెడలో నీలం కండువా వేసుకున్న ఊరేగింపుకు? ఆ పూట ఆ బట్టలు ఎవరినీ వేరు చేయవు. ఐఫోన్‌లో ఆ గుంపులు ఫోన్ లోపలే ఉంటాయి, అది వేరే సంగతి. మనవాళ్ళలో ఐఫోన్లు ఎన్ని అన్నది ఇంకా వేరే సంగతి.

తెలుగు పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి పేరు పెట్టడం గురించి ఒక్క పక్కదారి పడతాను. మా జిల్లాలో కావలి ఉంది. ఊరి పేరులోనే కాపలా ఉంది. 1911 నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాలను తెచ్చిపెట్టిన సెటిల్‌మెంట్లలో ఒకటి అక్కడే ఉండేది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు నడిపారు. ఆ చట్టం ప్రకారం పేరు రిజిస్టరులో ఎక్కించి వేలిముద్ర తీసుకోవచ్చు, పిలిచినప్పుడు హాజరు చెప్పాలి. నేరం చేశాడా అని కాదు, ఆ జాతిలో పుట్టాడా అని. 1952లో చట్టం పోయింది. ఆ రిజిస్టరు రాసింది సర్కారు గుమాస్తా. ఈనాటి రిజిస్టరు ప్రేమగా, లైకుల కోసం, మనమే రాసి ఇస్తున్నాం. రెండూ ఒకటేనని నేను అనను. ఒంటికి పేరు అతికించే పని ఎవరి చేతిలో ఉంది, తప్పితే ఎవరు మోస్తారు అన్నవి మాత్రం రెండు చోట్లా అడగాల్సిన ప్రశ్నలే.

పోలిక అనే మాట ఎంత దూరం పోతుందో 2023లో మెదక్‌లో చూశాం. సీసీ కెమెరాలో కనిపించిన గొలుసు దొంగలా ఉన్నాడన్న అనుమానంతో ఒక రోజుకూలీని పోలీసులు పట్టుకుపోయారు. స్టేషన్‌లో తనను కొట్టారని ఆయనే చెప్పిన వీడియో బయటికి వచ్చింది. ఫిబ్రవరిలో ఆసుపత్రిలో చనిపోయాడు. తెలంగాణ హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. అక్కడ ట్యాగ్ లేదు, ఉన్నది పోలికే. పోలికను యంత్రం చెప్పినప్పుడు ఎంత చాలు అన్నదానికి ఢిల్లీ పోలీసులు 2022లో సమాచార హక్కు కింద జవాబిచ్చారు. 80 శాతం పైన పోలిక ఉంటే దాన్ని సరైన ఫలితంగా తీసుకుంటారట. 80 ఎందుకు, 95 ఎందుకు కాదు? గీత ఎక్కడ గీయాలో తేల్చుకునేది మళ్ళీ గీసేవాళ్ళే.

ఫేస్‌బుక్ 2021 నవంబరులో ఈ పని ఆపేస్తున్నానని ప్రకటించింది. వంద కోట్లకు పైగా మనుషుల టెంప్లేట్లు చెరిపేస్తామంది. మనసు మారి కాదు. ఇల్లినాయ్ రాష్ట్రంలో 2008 నాటి చట్టం ఒకటి ఉంది, ముఖం కొలత తీసుకోవాలంటే ముందు రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలంటుంది. ట్యాగ్ సూచనల మీద ఆ చట్టం కింద పడ్డ కేసులో 65 కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చింది. టెక్సాస్‌కు 2024లో 140 కోట్ల డాలర్లకు రాజీ పడ్డారు. యూరప్‌లో 2012లోనే ఆపించారు. మన ముఖాలు కూడా అదే పదేళ్ళూ ఆ లెక్కలో ఉన్నాయి. మనకు పైసా లేదు, క్షమాపణ లేదు, ఇల్లినాయ్ లాంటి చట్టమూ లేదు. 2023 డేటా చట్టంలో ముఖం కొలతకు ప్రత్యేక రక్షణ లేదు. పైగా ఒక మనిషి తన సొంత, ఇంటి అవసరాలకు చేసుకునే పనికి ఆ చట్టం వర్తించదు. అంటే నిన్ను తప్పుగా ట్యాగ్ చేసిన నీ మిత్రుడి పని దాని కిందికి రాదు.

ఫేస్‌బుక్ ఆపింది కదా, ఇంకేం భయం అంటారేమో. గూగుల్ ఫోటోస్ ముఖాల్ని గుంపులు చేస్తూనే ఉంది. ఆ పేర్లు నీ అకౌంట్ లోపలే ఉంటాయి కానీ, ఆ గుంపును నమ్మి "ఇవన్నీ వాడి ఫోటోలే" అని ఎంచి పంపేది నువ్వే. ఇప్పుడు మన పెళ్ళిళ్ళలో, కాలేజీ ఫంక్షన్లలో ఇంకోటి వచ్చింది. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి సెల్ఫీ పెడితే వేల ఫోటోల్లోంచి నీవి నీకు వెతికి ఇస్తుంది. అది పాత ట్యాగ్ సూచన కన్నా విశాలమైన వెతుకులాట. ఫ్రెండ్స్ లిస్టు అనే గోడ కూడా లేదు. నా ఫోటోలు నాకు వస్తాయి సరే, నా చెల్లెలి సెల్ఫీ ఇంకెవడో పెడితే ఆమె ఫోటోలు వాడికి వస్తాయా రావా అని ఫంక్షన్ పెట్టినవాళ్ళను అడగండి. సంఘం మీటింగు ఫోటోలు అలాంటి చోట పెట్టవద్దని గట్టిగా చెప్తున్నాను. పెళ్ళి ఫోటోలు మీ ఇష్టం.

తప్పు పేరు పడితే ఏం చేయాలో కూడా చెప్పాలి కదా. మొదట చెరపకండి. పేరు, తేదీ, ఎవరు పెట్టారు, లింకు, అన్నీ కనిపించేటట్టు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. రేపు "అది తప్పుడు ట్యాగ్, ఫలానా రోజే నేను అభ్యంతరం చెప్పాను" అనడానికి అదొక్కటే ఆధారం. తర్వాత Remove tag నొక్కండి. అది ఆ ఫోటోకీ మీ ప్రొఫైల్‌కీ ఉన్న లింకు తెంపుతుంది, అంతే. ఎవరైనా కింద మీ పేరు చేత్తో టైపు చేసి ఉంటే అది అట్లాగే ఉంటుంది. కాబట్టి ఫోటో పెట్టినవాణ్ణి పట్టుకుని, క్యాప్షన్ కూడా దిద్దించాలి. సెట్టింగ్స్‌లో Profile and tagging దగ్గర ట్యాగ్‌లను ముందు మనం చూసి ఒప్పుకునే ఏర్పాటు ఉంది. మీరు ట్యాగ్ అయిన పోస్టు మీ ప్రొఫైల్‌లోకి రాకుండా అది ఆపుతుంది. అవతలివాడి గోడ మీద మాత్రం ఆ పేరు కనిపిస్తూనే ఉంటుంది. చాలామంది ఇది తెలియక, నేను ఒప్పుకోలేదు కాబట్టి లేదు అనుకుంటున్నారు. గూగుల్ ఫోటోస్‌లో Group similar faces అనేది ఆపేస్తే ఆ గుంపులు పోతాయి.

పాత ఆల్బమ్‌లు కూడా ఒకసారి తిరగేయండి. సంక్రాంతిది, జాతరది, క్రికెట్ టోర్నమెంటుది. బాబాయి ముఖానికి మీ పేరు ఉంటే సరదాగా ఉందని వదిలేయకండి. మా విద్యార్థి కథలో తప్పు మొదలైంది అక్కడే.

ఇక ర్యాలీ ఫోటోలు పెట్టే కుర్రాళ్ళకు. ఫోటో పెట్టొద్దని నేను అనను. మన ఊరేగింపును మనం తీసుకోకపోతే రేపు ఊరివాళ్ళు తీసిన ఫోటో ఒక్కటే మిగులుతుంది. కానీ పెట్టేటప్పుడు దూరపు ముఖాలకు, నీడలో ఉన్న ముఖాలకు, గొడవ జరిగిన చోటి ముఖాలకు పేరు పెట్టొద్దు. వేదిక మీద మాట్లాడినవాళ్ళకు వాళ్ళను అడిగి పెట్టు. యాప్ చూపించిన పేరు సరైనదే అయినా సరే, అడగకుండా నొక్కొద్దు, ఎందుకంటే సరైన పేరుతో కూడా కేసు పడుతుంది. ఒకరి ముఖానికి ఎవరి పేరు వచ్చిందో అనుమానం వస్తే పెద్దది చేసి చెవి చూడు, నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటు చూడు, అదే నిమిషంలో తీసిన పక్క ఫోటోలో అదే మనిషి ఎక్కడున్నాడో చూడు. రెండు ఫోటోల్లో ఒకే పేరు, ఒకే నిమిషం, రెండు చోట్ల ఉంటే ఒకటి తప్పని తేలిపోతుంది. ఫోటో తీసిన సమయం వివరాల్లో ఉంటుంది. వాట్సాప్‌లో వచ్చిన ఫోటోకు సాధారణంగా ఆ వివరం ఉండదు కాబట్టి, తీసినవాడి ఫోన్‌లోని అసలు ఫోటో చెరపకుండా ఉంచమనండి. పిల్లాడి కేసులో మాకు అది దొరికుంటే పదకొండు రోజులు రెండయ్యేవి.